టైర్లు 80 శాతం అంటే ఎంత?

పాత కార్ల ప్రకటనల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: ‘టైర్లు 80 శాతం’. కొత్త టైరుకి గాడి లోతు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్లకు వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టేయాలి. ఈ రెండింటి మధ్య 80 శాతం ఎక్కడుందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడూ అడగడు. టైరు నల్లగా మెరుస్తుంటే 80, కాస్త మాసి ఉంటే 60. అంతకుమించి లెక్కేమీ ఉండదు.

‘టైర్లు బాగున్నాయా అన్నా?’ అని అడిగితే ‘సూపర్ కండిషన్’ అనే జవాబే వస్తుంది. అడిగిందే అభిప్రాయం కాబట్టి అభిప్రాయమే చేతికొస్తుంది. చూసి చదవగలిగినదాన్ని, కొలవగలిగినదాన్ని అడిగితే సంగతి వేరు. హన్మకొండలో ఉన్న ఒకాయన హైదరాబాద్‌లో అమ్మకానికున్న హ్యాచ్‌బ్యాక్ మీద మనసు పడ్డాడనుకుందాం. ఆర్‌సీలో తయారీ నెల 2017 ఆగస్టు. మీటరు మీద 34 వేల కిలోమీటర్లు. వెళ్లి చూసి రావాలంటే ఒక రోజు పోతుంది. కాబట్టి బయల్దేరేముందు వాట్సాప్‌లో ఇలా రాశాడు.

“నమస్తే అన్నా, మీ కారు యాడ్ చూశాను. రావడానికి ముందు టైర్ల గురించి కొన్ని అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. ఒక వీడియో తీసి పంపండి. నంబర్ ప్లేట్ దగ్గర మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా నాలుగు టైర్ల చుట్టూ తిరగండి. ప్రతి టైరు పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాల వరసలో చివర నాలుగంకెలు ఉంటాయి, అవి స్పష్టంగా కనపడాలి. బయటి వైపు లేకపోతే లోపలి వైపు ఉంటాయి. ముందు చక్రాలకు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే కనిపిస్తాయి. గాడి లోతు లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున కొలిచి చెప్పగలరా? గేజ్ లేకపోతే దగ్గర్లో ఉన్న టైర్ల షాపులో కొలుస్తారు. ఇప్పుడున్న టైర్లు ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారు? బిల్లు ఉందా? పక్క గోడ మీద ఎక్కడైనా ఉబ్బు, పగుళ్లు, ప్యాచ్ ఉన్నాయా? చివరగా, స్టెప్నీని డిక్కీలోంచి బయటికి తీసి దాని తేదీ, సైజు, గాలి ఎంతుందో చూపించండి. జాకీ, పానా ఉన్నాయా? అల్లాయ్ వీల్స్‌కు లాక్ నట్ ఉంటే దాని కీ ఉందా?”

చదివితే కాస్త దబాయింపులా అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక్క ప్రశ్న కూడా అమ్మేవాడి నిజాయితీని శంకించేది కాదు. అన్నీ కారు దగ్గరికెళ్లి చూసి చెప్పగలిగినవే. ఫోటోలు కాకుండా ఆపని వీడియో ఎందుకంటే, ఫోటోలో ఉన్న టైరు ఈ కారుదేనని చెప్పలేం. నంబర్ ప్లేట్ దగ్గర మొదలైన వీడియో అయితే ఆ అనుమానం ఉండదు.

ఆ నాలుగంకెల సంగతి తేలికే. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2917 అంటే 2017లో 29వ వారం, అంటే జులై నెలాఖరుకు ముందు. చాలా టైర్లకు ఈ తేదీ ఒకవైపే ఉంటుంది. రెండోవైపు డీఓటీ వరస ఉన్నా చివరి నాలుగంకెలు ఉండవు. అందుకే ‘అన్నా, నంబర్ లేదు’ అనే జవాబు వస్తే వెంటనే అబద్ధమనుకోవద్దు. టైరు తిప్పి బిగించి ఉంటే తేదీ లోపలి వైపుకు పోయి ఉంటుంది.

రెండు గంటల తర్వాత జవాబొచ్చిందనుకుందాం. ముందు రెండింటి మీదా 2224. వెనక రెండింటి మీదా 2917. స్టెప్నీ మీద 2817. ముందు టైర్లలో గాడి లోతు మధ్యలో 6 మిల్లీమీటర్లు, కానీ ఎడమవైపు టైరు బయటి అంచున 4. వెనక టైర్లు సమానంగా అరిగి 3.5 దగ్గరున్నాయి. స్టెప్నీ ఒక్కసారీ వాడలేదట. టైరు మీద కొత్తలో ఉండే సన్నని రబ్బరు వెంట్రుకలు అలాగే ఉన్నాయని ఫోటో కూడా పెట్టాడు.

ఈ అంకెలు టైర్ల గురించే కాదు, కారు గురించీ చెబుతాయి. వెనక టైర్లు, స్టెప్నీ కారు తయారీకి నెల ముందు తయారయ్యాయి. అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. ముందు చక్రాలతో నడిచే కార్లలో ముందు టైర్లు త్వరగా అరుగుతాయి కాబట్టి అవి 2024లో మారడం, వెనకవి ఇంకా మిగిలి ఉండడం 34 వేల కిలోమీటర్లతో పొసుగుతుంది. ఇదే కారుకు నాలుగు టైర్లూ రెండోసారి మార్చిన దాఖలా ఉండి, మీటరు మాత్రం 34 వేలే చూపిస్తే ఆగి అడగాల్సిందే. మంచి వాడకంలో ఒక జత టైర్లు నలభై వేల పైచిలుకు నడుస్తాయి. అంతకంటే చాలా తక్కువలో రెండు జతలు పోయాయంటే అయితే రోడ్లు దారుణం, లేదా మీటరు వెనక్కి తిరిగింది. మీటరు తిప్పేవాళ్లకు టైరు మీది తేదీ తిప్పడం చేతకాదు. అయితే తేదీ టైరు తయారైన రోజుకే సాక్ష్యం, బిగించిన రోజుకు కాదు. షాపులో ఏడాది నిల్వ ఉన్న టైరును కూడా కొత్తదిగానే అమ్ముతారు. బిల్లు అడగడం అందుకే.

ఎడమ ముందు టైరు బయటి అంచున ఎక్కువ అరగడం చిన్న విషయమే, కానీ కారణం తెలుసుకోవాలి. ఒక్క అంచే అరిగితే చాలాసార్లు అలైన్‌మెంట్ తప్పిందని అర్థం. అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోవచ్చు. గుంతలో బలంగా పడి సస్పెన్షన్ భాగం వంగి ఉంటే అది సరిపోదు. రెండు అంచులూ అరిగి మధ్యలో ఎత్తుగా ఉంటే చాలాకాలం గాలి తక్కువ పెట్టి నడిపారు. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. చేత్తో తడిమితే అక్కడక్కడ పల్లాలుగా తగిలితే షాక్ అబ్జార్బర్లు చూపించుకోవాలి. లోతును మూడు చోట్ల కొలవమనడం ఇందుకే. ఒక్క మధ్యలో కొలిస్తే ఈ ఎడమ టైరు 6 మిల్లీమీటర్ల మంచి టైరుగా చెలామణి అయ్యేది.

మరో మోసం ఉంది, అది పాత టైర్ల మార్కెట్లో కనిపిస్తుంది. గుండైన టైరుకు వేడి కత్తితో కొత్తగా గాడులు కోసి, పాలిష్ పూసి పెడతారు. పైకి లోతుగానే ఉంటుంది. టైరులో గాడి అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న గట్టులుంటాయి. టైరు వాటి ఎత్తుకు అరిగితే మార్చే సమయం వచ్చినట్టు, ఆ ఎత్తే 1.6 మిల్లీమీటర్లు. కొత్తగా కోసినప్పుడు ఆ గట్టులు కూడా తెగిపోతాయి. గాడి పొడవునా చూసినా ఎక్కడా గట్టు కనిపించకపోతే ఆ కారును అక్కడే వదిలేయడం మంచిది. కోసినప్పుడు లోపలి తీగల మీద మిగిలే రబ్బరు చాలా పలచన.

ఇప్పుడు అసలు చిక్కు. వెనక టైర్లలో లోతు ఇంకా 3.5 ఉంది, చట్టం ఒప్పుకుంటుంది. స్టెప్నీ అయితే చూడ్డానికి కొత్తదే. అమ్మేవాడు దీన్నే గొప్పగా చెబుతాడు: ‘స్టెప్నీ నేల మీద పెట్టలేదన్నా!’ రబ్బరుకు అరుగుదల ఒక్కటే శత్రువు కాదు. వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. టైరులో కలిపే మైనం లాంటి రసాయనాలు, టైరు తిరిగి వంగుతున్నప్పుడు పైకి ఊరి, దానికి రక్షణగా నిలుస్తాయి. ఎండలో నెలల తరబడి కదలకుండా నిలిపిన కారుకు ఆ రక్షణ తగ్గుతుంది. ‘తక్కువ తిరిగిన కారు’ టైర్లకు పక్క గోడ మీద సన్నని పగుళ్లు కనిపించడం ఇందుకే. మన ఎండాకాలాలు ఆ పని ఇంకా త్వరగా చేస్తాయి. పగుళ్లను టైరు పాలిష్ బాగా కప్పేస్తుంది కాబట్టి, చూడ్డానికి వెళ్లినప్పుడు తడిగుడ్డతో తుడిచి, గోడను బొటనవేలితో నొక్కి చూడాలి.

ఎన్నేళ్లకు మార్చాలన్నదానికి ఒకే లెక్క లేదు. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లంటాయి. మిషెలిన్ లాంటి టైర్ల కంపెనీలు ఐదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించమని, ఎలా ఉన్నా పదేళ్లకు తీసేయమని, స్టెప్నీకి కూడా ఇదే లెక్క అని చెబుతాయి. 2012 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో ఒక సంగీత ఉత్సవం నుంచి తిరిగొస్తున్న బస్సు ముందు టైరు పేలి డ్రైవరు, ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్లు. ఆ తర్వాత 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ బస్సులు, లారీల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లను నిషేధించారు. మన కారు వెనక టైర్లు, స్టెప్నీ ఎనిమిదేళ్లు దాటినవి. మార్చాల్సినవే.

పైగా ఇవి వెనక ఉండడం ఇంకా ఇబ్బంది. కొత్తగా కొన్న రెండు టైర్లను ముందు వేయడం మన దగ్గర అలవాటు. కానీ తడి రోడ్డు మీద వెనక చక్రాల పట్టు ముందుగా పోతే కారు గిర్రున తిరుగుతుంది, సాధారణ డ్రైవరు దాన్ని అదుపు చేయడం కష్టం. ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు పట్టు వస్తుంది. అందుకే మంచి జతను వెనక వేయమని టైర్ల కంపెనీలే సలహా ఇస్తాయి.

స్టెప్నీ ప్రశ్నల్లో సైజు అడగడానికీ కారణముంది. అల్లాయ్ చక్రాలున్న మోడళ్లలో స్టెప్నీ ఒక అంగుళం చిన్నదిగా ఉండటం మామూలే. దానిమీద 80 కిలోమీటర్ల వేగం దాటొద్దని స్టిక్కర్ ఉంటుంది. రాత్రి సూర్యాపేట దాటాక పంక్చరైతే అది పంక్చర్ షాపు వరకు చేర్చడానికే గానీ విజయవాడ దాకా కాదు. పెద్ద బండ్లలో చట్రం కింద వేలాడే స్టెప్నీ అయితే దించి చూడమనాలి. బురద, తుప్పు పట్టి తీగ బిగుసుకుపోయినవి చాలా ఉంటాయి. లాక్ నట్ కీ లేకపోతే ఎంత మంచి స్టెప్నీ ఉన్నా చక్రం ఊడదు. పంక్చర్ కిట్, గాలి తక్కువైతే హెచ్చరించే వ్యవస్థ ఉన్న కార్లకు 2020లో వచ్చిన నిబంధన ప్రకారం స్టెప్నీ లేకపోయినా పరవాలేదు. అప్పుడు ఆ కిట్‌లోని సీలెంట్ సీసా గడువు తేదీ చూడాలి.

ఇక బేరం. ఈ సైజు టైరు ఒక్కోటి ఐదారు వేలనుకుంటే, వెనక రెండూ స్టెప్నీ కలిపి 16, 17 వేలు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ ఒక వెయ్యి. ఇంత తగ్గించమని అడగొచ్చు, ఎందుకంటే కారు కొన్న వారానికే ఆ ఖర్చు జేబులోంచి పోతుంది. స్టెప్నీని దగ్గర్లో ఉన్న షాపుదాకా నెమ్మదిగా నడుపుకోవడానికి ఉంచుకుంటానంటే రెండు టైర్ల దగ్గర, పదకొండు వేల దగ్గర తెగుతుంది. నేనైతే మూడింటికి అడిగి రెండింటికి ఒప్పుకుంటాను. ఈ కారుది చెడ్డ కథ కాదు, మీటరుతో పొసిగే నిజాయితీ ఉన్న కథే.

ఒకవేళ అమ్మేవాడు వీడియో పంపకుండా ‘వచ్చి చూసుకోండి, ఇన్ని ప్రశ్నలేంటి’ అంటే, అతనికి ఓపిక లేకపోవచ్చు, లేదా చూపించడానికి ఏమీ లేకపోవచ్చు. ఏది నిజమైనా హన్మకొండ నుంచి ఆ ఒక్క కారు కోసం బయల్దేరకండి. ఇంకో రెండు కార్ల వాళ్లకు కూడా ఇదే సందేశం పంపి, ముందు జవాబిచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లండి.