వచ్చే వారానికి ఎన్ని బస్తాలు?

ఒక బియ్యం కొట్టులో నాలుగు వారాల అమ్మకాలు 40, 44, 38, 42 బస్తాలు అనుకుందాం. సగటు 41 కాబట్టి వచ్చే వారానికి 41 తెప్పిస్తారు. ప్రతి వారం అన్నిటికన్నా పాత అంకెను తీసేసి కొత్తదాన్ని చేర్చుకుంటూ పోతే అదే మూవింగ్ యావరేజ్. లెక్క తేలికే. కానీ నెల కిందటి వారానికీ మొన్నటి వారానికీ ఇందులో ఒకటే విలువ, అంతకు ముందువాటికి అసలు విలువే లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళానికి పనిచేసిన రాబర్ట్ బ్రౌన్ మరో దారి పట్టాడు. 1959లో దాన్ని సరుకు నిల్వలకు అన్వయిస్తూ పుస్తకమే రాశాడు. ఆ పద్ధతి పేరు ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్. పాత అంచనా ఎంత తప్పిందో చూసి, ఆ తేడాలో కొంత భాగాన్నే అంచనాకు కలపాలి:

కొత్త అంచనా = పాత అంచనా + α × (అసలు అమ్మకం − పాత అంచనా)

ఎంత భాగమో చెప్పేది ఆల్ఫా. ఇది 0కీ 1కీ మధ్య ఉంటుంది. పాత వారాల ప్రభావం ఇందులో క్రమంగా తగ్గుతుందే తప్ప ఒక్కసారిగా తెగిపోదు. పైగా పాత చిట్టా అంతా దగ్గర పెట్టుకోనక్కర్లేదు, కిందటి అంచనా ఒక్కటి చాలు.

ఐదో వారం 60 బస్తాలు పోయాయి. తేడా 19. ఆల్ఫా 0.2 అయితే కొత్త అంచనా 44.8; 0.5 అయితే 50.5. ఏది మేలు? పెళ్లి కోసం ఎవరో ఒకేసారి కొనుక్కెళ్లి ఉంటే మళ్లీ 40కే దిగుతుంది, అప్పుడు 0.5 వాడినవాళ్ల దగ్గర పది బస్తాలు మిగులుతాయి. పక్కన హాస్టల్ తెరిచి అమ్మకాలు 60 దగ్గరే నిలబడితే మాత్రం నాలుగు వారాల తర్వాత 0.5 అంచనా 59కి చేరుతుంది, 0.2 ఇంకా 52 దగ్గరే ఉంటుంది.

అందుకే ఆల్ఫాను ఊహించి పెట్టకుండా పాత చిట్టా మీద పరీక్షించాలి. ఏడాది అమ్మకాలు తీసుకుని, ఏ వారానికైనా అంతకు ముందు అంకెలతోనే 0.1, 0.2, 0.3, 0.5లతో అంచనాలు వేసి, తప్పుల సగటు దేనికి తక్కువో చూడాలి. ఎక్కువా తక్కువా అన్న గుర్తు వదిలేసి తేడానే తీసుకోవాలి. రెండు దాదాపు సమానంగా వస్తే నేనైతే చిన్నదే ఎంచుకుంటాను. ఆర్డర్లు అంతగా ఊగవు. 1కి దగ్గరగా ఉన్నదే గెలిస్తే అనుమానించాలి. అమ్మకాలు నిలకడగా పెరుగుతున్నాయేమో, పండగల సీజన్ ఉందేమో చూడాలి. వాటిని పట్టుకోవడం ఈ సూత్రం వల్ల కాదు.

ఎంచుకున్నాక కూడా తప్పుల దిశ గమనిస్తుండాలి. పై ఉదాహరణలో 0.2 వరసగా 19, 15, 12, 10 బస్తాలు తక్కువే చెప్పింది. అంచనా వెనకబడిందనడానికి అదే గుర్తు.

సరుకు నిండుకున్న వారాలు మరో చిక్కు. 25 బస్తాలకే గోడౌన్ ఖాళీ అయితే ఆ 25 అమ్మకమే కానీ గిరాకీ కాదు. దాన్ని అలాగే వేస్తే అంచనా పడిపోతుంది, తక్కువ తెప్పిస్తారు, మళ్లీ నిండుకుంటుంది. అలాంటి వారాన్ని చిట్టాలో గుర్తు పెట్టి, అంచనాను కదపకుండా పాతదే ఉంచాలి.