టెండరులో సందేహం వస్తే ఎలా అడగాలి?

ప్రభుత్వ బడులకు 2,000 డ్యూయల్ డెస్కులు కావాలని ఒక శాఖ టెండరు పిలిచిందనుకుందాం. 14వ పేజీ పట్టికలో ఇనుప గొట్టం మందం 1.2 మిల్లీమీటర్లు అని ఉంది. 22వ పేజీ డ్రాయింగులో 1.6 అని ఉంది. చూడ్డానికి చిన్న తేడాయే. కానీ 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టం మీటరు బరువు మొదటి లెక్కన సుమారు 900 గ్రాములైతే, రెండో లెక్కన 1,180 గ్రాములు. డెస్కుకు పది మీటర్ల గొట్టం పడితే మొత్తం మీద ఐదున్నర టన్నుల ఇనుము తేడా వస్తుంది.

కొందరు ఇది గమనించి కూడా నోరు మెదపరు. 1.2కే రేటు వేసి ఆర్డరు కొట్టేద్దామని ఆశ. తనిఖీకి వచ్చిన ఇంజనీరు డ్రాయింగు తీసి కొలిస్తే సరుకంతా వెనక్కి వస్తుంది.

అడిగేవాళ్లలోనూ చాలామంది "గొట్టం మందంపై స్పష్టత ఇవ్వగలరు" అని రాసి వదిలేస్తారు. దానికి "టెండరు షరతుల ప్రకారమే" అన్న జవాబు వస్తుంది. తప్పు అధికారిది కాదు, ప్రశ్నది. పేజీ, క్లాజు నంబర్లు వేసి, రెండుచోట్లా ఉన్న మాటలను యథాతథంగా దించి, "ఈ రెండింటిలో ఏది వర్తిస్తుంది? 1.6 అయితే 14వ పేజీ పట్టికను సవరిస్తారా?" అని అడగాలి. అప్పుడు జవాబిచ్చేవారికి తప్పించుకునే దారి ఉండదు. ఒక్కో ప్రశ్నలో ఒక్క విషయమే ఉండాలి. రెండు కలిపితే తేలికైనదానికే జవాబొస్తుంది.

గడువు లోపల, టెండరులో చెప్పిన మార్గంలోనే పంపాలి. ఫోనులో గుమాస్తా చెప్పిన మాట రేపు ఎవరూ ఒప్పుకోరు. ప్రీ-బిడ్ సమావేశంలో నోటితో చెప్పింది కూడా రాతలో వచ్చేదాకా లెక్కలోకి రాదు.

జవాబు మీ ఒక్కరికే రాదు. ప్రశ్నతో సహా అందరు బిడ్డర్లకూ వెళ్తుంది. ప్రపంచ బ్యాంకు నమూనా టెండరు పత్రాల్లో అయితే, అడిగిందెవరో చెప్పకుండా పంపాలని స్పష్టంగా ఉంటుంది. అందుకే ప్రశ్న పాఠంలో మీ కంపెనీ పేరు, మీ దగ్గరున్న యంత్రం, మీరు ఖర్చు తగ్గించుకునే కిటుకు ఏవీ కనబడకూడదు. "మా ప్లాంటులో ఉన్న పద్ధతితో రంగు వేయవచ్చా?" అని అడిగితే, మీ ఎత్తు పోటీదారుకు చెప్పినట్టే. "పౌడర్ కోటింగుకు బదులు వేరే పూత ఒప్పుకుంటారా, ఒప్పుకుంటే కనీస మందమెంత?" అంటే చాలు. కొనే శాఖ కూడా లెటర్‌హెడ్డును అలాగే స్కాన్ చేసి పెట్టకుండా ప్రశ్నను వేరుగా టైపు చేయించాలి.

జవాబుతో షరతు మారితే కారిజెండమ్ వస్తుంది, మార్పు పెద్దదైతే గడువూ పెంచుతారు. మీరు ఏమీ అడగకపోయినా, ఇతరుల ప్రశ్నల వల్ల మారిన షరతులు మీకూ వర్తిస్తాయి. బిడ్ వేసేముందు ఒకసారి, గడువు ముగిసేలోపు మరోసారి పోర్టల్ తెరిచి చూడండి.