పల్లం తెగిన రోజు

2020 ఫిబ్రవరి 1 శనివారం. మామూలుగా సెలవే అయినా, బడ్జెట్ రోజని స్టాక్ మార్కెట్లు తెరిచారు. నిఫ్టీ బాగా పడి 11,662 దగ్గర ముగిసింది. బడ్జెట్ నచ్చలేదు, అందుకే పడిందని చాలామంది సరిపెట్టుకున్నారు. చార్టు చూసే అలవాటున్నవాళ్లను కలవరపెట్టింది మాత్రం మరో సంగతి. ఆ ముగింపు 11,930 కన్నా కిందికి వచ్చింది. ఆ అంకెకు అంత విలువ ఎందుకో తెలియాలంటే ఆరు వారాలు వెనక్కి వెళ్లాలి.

ధర ఎప్పుడూ తిన్నగా పోదు. కొంత ఎక్కి, కొంత దిగి, మళ్లీ ఎక్కుతుంది. ఎక్కుతూ వెనుదిరిగిన చోటు ఎత్తు, దిగుతూ ఆగి లేచిన చోటు పల్లం. 2019 డిసెంబర్ 20న నిఫ్టీ 12,294 దాకా ఎక్కింది. జనవరి మొదట్లో అమెరికా, ఇరాన్‌ల మధ్య ఉద్రిక్తత పెరగడంతో 8వ తేదీన 11,930కి దిగింది. అక్కడ కొనేవాళ్లు దొరికారు. జనవరి 20 నాటికి సూచీ 12,430 తాకింది. పాత ఎత్తును మించిన ఈ కొత్త ఎత్తే హయ్యర్ హై. 11,930 కూడా డిసెంబర్ నాటి పల్లం కన్నా పైనే ఉంది కనుక అది హయ్యర్ లో. ఇలా నడుస్తున్న దిశలోనే పాత ఎత్తు దాటిపోవడాన్ని బ్రేక్ ఆఫ్ స్ట్రక్చర్ అంటారు. పేర్లు కొత్తవి గానీ, ఎత్తును ఎత్తుతో పోల్చి మార్కెట్ దిశ చెప్పే పద్ధతి 1900 ప్రాంతంలో చార్లెస్ డో రాసిన వ్యాసాల నాటిది.

ఇప్పుడు 11,930 సంగతి. 12,430 అనే కొత్త ఎత్తుకు మార్కెట్‌ను మోసుకెళ్లిన కొనుగోళ్లు మొదలైంది అక్కడే. కొన్నవాళ్లకు ఇంకా నమ్మకం ఉంటే, ధర ఆ చోటికి తిరిగొచ్చినప్పుడు మళ్లీ కొనాలి. ఫిబ్రవరి 1న ఆ కొనుగోళ్లు చాలలేదు, పల్లం తెగింది. పెరుగుదలకు ఆధారమైన చివరి పల్లం ఇలా తెగడమే చేంజ్ ఆఫ్ క్యారెక్టర్.

అయితే ఇది అనుమానమే, తీర్పు కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆ శనివారం ముగింపు ధరకు తొందరపడి అమ్మినవాళ్ల గతి చూడండి. సోమవారం నిఫ్టీ 11,614 దాకా దిగి, అక్కడి నుంచి లేచి, ఫిబ్రవరి 14న 12,247కి చేరింది. అమ్మిన ధరకు దాదాపు 585 పాయింట్లు ఎదురు. చాలామంది స్టాప్ లాస్ ఈలోపే ఎగిరిపోయి ఉంటుంది. కానీ ఆ లేవడంలో గమనించాల్సింది ఒకటుంది: 12,247 దగ్గరే ఆగింది, 12,430ని అందుకోలేదు. అది లోయర్ హై. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే, 11,614 నిలుస్తుందా?

ఫిబ్రవరి 27న నిఫ్టీ 11,633 దగ్గర ముగిసింది, అంటే అంచు మీదే నిలబడింది. మర్నాడు కరోనా భయంతో ప్రపంచ మార్కెట్లన్నీ కూలుతుంటే 11,202కి జారింది. ఈసారి దిగువ దిశలో బ్రేక్ ఆఫ్ స్ట్రక్చర్. లోయర్ హై, లోయర్ లో రెండూ కుదిరాయి. ఈ రెండో రుజువు కోసం ఆగినవాళ్లకు సుమారు 460 పాయింట్లు ఖర్చయ్యాయి. దానికి బదులుగా 12,247 అనే స్పష్టమైన హద్దు చేతికొచ్చింది, అది దాటితే తమ అంచనా తప్పని వాళ్లకు తెలుస్తుంది. మార్చి 24న నిఫ్టీ 7,511ని చూసింది. ఇంత లోతుకు పోతుందని ఫిబ్రవరి చార్టు చెప్పలేదు. అది దిశ చెబుతుంది, దూరం చెప్పదు.

ఏ పల్లాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది అసలు చిక్కు. అయిదు నిమిషాల చార్టులో ఇలాంటి తెగుళ్లు రోజుకు ఎన్నో కనిపిస్తాయి. రోజువారీ చార్టులో అవి మామూలు ఊగిసలాటలు. అందుకే ఒకే రోజు ఒకరు దిశ మారిందంటారు, ఇంకొకరు మారలేదంటారు. ఎవరి చార్టులో వాళ్లది నిజమే. ముందుగా ఒక చార్టు ఎంచుకుని, ఆ చార్టు ఎత్తుపల్లాలకే కట్టుబడాలి. నష్టం కనిపించగానే పెద్ద చార్టుకు మారి "ఇంకా పల్లం తెగలేదులే" అనుకోవడం చాలా ఖరీదైన అలవాటు.

రెండో చిక్కు, తెగిందని దేన్ని చూసి అనాలి? రోజు మధ్యలో ధర తాకిన చోటా, ముగింపా? నేను ముగింపునే నమ్ముతాను. 2024 జూన్ 4, లోక్‌సభ ఎన్నికల ఫలితాల రోజు ఇందుకు మంచి ఉదాహరణ. అంతకుముందు మే 13న ఏర్పడిన పల్లం 21,821. ఫలితాల రోజు నిఫ్టీ దాన్ని తెంచుకుని 21,281 దాకా కూలింది. ఆ క్షణంలో చూసినవాళ్లకు అది అచ్చమైన చేంజ్ ఆఫ్ క్యారెక్టరే. కానీ సాయంత్రానికి 21,884 దగ్గర, అంటే పల్లానికి 63 పాయింట్లు పైన ముగిసింది. కింద పొడుగాటి తోక మాత్రం క్యాండిల్‌కు మిగిలిపోయింది. మూడు రోజుల తర్వాత, జూన్ 7న, నిఫ్టీ 23,290 దగ్గర ముగిసింది. అప్పటికి అదే రికార్డు ముగింపు.