తాతయ్య పుట్టుమచ్చ ఏ చెంపన?

ఇంటిల్లిపాదీ దిగిన ఫొటోలో, ఎప్పుడో పోయిన తాతయ్యను మామ్మ పక్కన కూర్చోబెట్టడం ఇప్పుడు చిన్న ఊళ్ల స్టూడియోల్లో కూడా జరిగే పనే. మనవలు ముచ్చటపడి చేయిస్తారు. స్టూడియో వాళ్లు అతుకు కనబడకుండా చేసిస్తారు. అయినా మామ్మ చూడగానే ఏదో తేడా ఉందంటుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం.

మామ్మకు ఎనభై ఏళ్లు నిండాయి. తాతయ్య పోయి పాతికేళ్లయింది. మిగిలింది పాస్‌బుక్కు మీద అంటించిన నలుపు తెలుపు స్టాంపు సైజు ఫొటో ఒక్కటే. అంత చిన్న బొమ్మతో ఏం పని జరుగుతుందని మనవలకు సందేహం. నిజానికి దాన్ని స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేస్తే, అంగుళం పొడవున్న ఫొటోకు 600 పిక్సెళ్లు వస్తాయి. అందులో ముఖం సగం ఉంటే 300 పిక్సెళ్లు. పది పదిహేను మంది నిలబడిన గ్రూపు ఫొటోలో ఒక్కో తల కూడా దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి అసలు చిక్కు సైజుతో కాదు, వెలుతురుతో వస్తుంది.

స్టాంపు ఫొటోలో తాతయ్య ముఖం మీద వెలుగు ఎడమ నుంచి పడింది. కొత్త ఫొటో వసారాలో తీశారు, అక్కడ వెలుగు కుడి నుంచి వస్తోంది. ముక్కు నీడ ఒకరికి ఇటు, మిగతా అందరికీ అటు పడితే ఆయనొక్కరే వేరే చోట ఉన్నట్టు కనిపిస్తారు. దీనికి స్టూడియోలో దొరికే సులువైన మందు, ముఖాన్ని అద్దంలోలా ఎడమ కుడులు తిప్పేయడం. నీడ సరిపోతుంది. మనవలకు అంతా బాగున్నట్టే ఉంటుంది, ఎందుకంటే వాళ్లలో చాలామంది ఆయన్ను చూడనే లేదు.

మామ్మ మాత్రం ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తుంది. ‘‘మీ తాతయ్య పాపిడి ఇటు కాదురా. పుట్టుమచ్చ కూడా ఈ చెంపన ఉండేది కాదు’’ అంటుంది.

ముఖం తిప్పితే పాపిడి, పుట్టుమచ్చ, కాస్త పైకి లేచే కనుబొమ, అన్నీ చోటు మారతాయి. ఆ ముఖాన్ని ఏళ్ల తరబడి ఎదురుగా చూసిన మనిషికి ఇవి చిన్న మార్పులు కావు. ముఖాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచి, గ్రూపు ఫొటోనే స్టాంపు ఫొటోలోని వెలుగుకు తగ్గట్టు తీయడం మేలు. అంటే పాత ఫొటో ముందు చూసుకుని, అందరినీ వెలుగు ఎడమ నుంచి పడే చోట కూర్చోబెట్టాలి. కెమెరా కూడా పాత ఫొటోలోలాగే కళ్ల ఎత్తున ఉండాలి. ఈ జాగ్రత్త ఫొటో తీసే ముందే పడాలి, తీశాక దిద్దుకోవడం కష్టం.

ఇక ఒంటి సంగతి. ఎక్కడిదో సూటు వేసుకున్న ఒంటికి తల అతికించడం కన్నా, తాతయ్య పోలిక ఉన్న కొడుకుకు పంచె, లాల్చీ కట్టించి మామ్మ పక్క కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫొటో తీయడం నయం. కెమెరాను స్టాండు మీంచి కదపకుండా, అదే కొడుకును తన చోట నిలబెట్టి ఇంకొకటి తీస్తారు. రెండింటినీ కలిపితే కుర్చీ మీద నీడ, బట్టల ముడతలు నిజమైనవే ఉంటాయి. మార్చాల్సింది మెడ పై భాగమే. అయినా మామ్మ ‘‘చేతులు నీవేరా’’ అని కొడుకుతో అనొచ్చు. కండువా కొస చేతుల మీదికి వచ్చేలా వేస్తే ఆ తేడా తగ్గుతుంది.

వయసు మరో మెలిక. నలభై ఏళ్లప్పటి ఫొటో వాడితే తాతయ్య తన కొడుకు కన్నా చిన్నవాడిగా కనిపిస్తారు. అలాగని ఆయన జుట్టు నెరిపించి, ముడతలు గీస్తే మామ్మ ఎన్నడూ చూడని మనిషి తయారవుతాడు. దొరికినవాటిలో చివరి ఫొటో ఎంచుకుని ఆ వయసులోనే ఉంచేయడం మంచిది.

బొట్టు విషయం అన్నిటికన్నా సున్నితమైనది. భర్త పక్కన ఉన్నాడు కదా అని మామ్మ నుదుట అడక్కుండానే బొట్టు పెట్టేస్తే, ఆమె దాన్ని ఎలా తీసుకుంటుందో ఎవరూ చెప్పలేరు. కొందరు మురిసిపోతారు, కొందరు ఫొటో బోర్లా పెట్టేస్తారు. ఆశ్చర్యపరచాలనే సరదా మానుకుని ముందే అడగాలి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పని చేయిస్తే పాపిడి తప్పు కూడా అప్పుడే దొరుకుతుంది.

భార్య పక్కన పోయిన భర్తను చూపించడం కొత్త ఊహ కాదు. విలియం మమ్లర్ అనే అమెరికా ఫొటోగ్రాఫరు 1870ల మొదట్లో, లింకన్ భార్య మేరీ వెనక లింకన్ ఛాయ నిలబడినట్టున్న ఫొటో తీసిచ్చాడు. అది ఆత్మేనని ఆమె నమ్మింది. మన మనవలు చేసేది ఇంట్లో అందరికీ తెలిసే చేస్తున్నారు, ఆ తెలివిడి తర్వాతి తరానికీ అందాలి. అందుకని ఫొటో వెనక తీసిన ఏడాది, తాతయ్య పోయిన ఏడాది, ఆయన బొమ్మ ఏ ఫొటోలోంచి తీసుకున్నారో పెన్సిలుతో రాయాలి. తాతయ్యను చేర్చని ఫొటోను కూడా ఒక ప్రింటు వేయించి అదే కవరులో ఉంచాలి.