పార్కు బెంచీ మీద పలకరింపు కథ ఎప్పుడవుతుంది?

రిటైరైన ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే పార్కుకి వచ్చి, బెంచీ మీద కూర్చున్న ఓ ముక్కూమొహం తెలియని మనిషిని పలకరిస్తాడు. ఈ మాట వినగానే కథ రాసెయ్యొచ్చనిపిస్తుంది. పార్కు మనకు తెలుసు, పెద్దాయన తెలుసు, గేటు దగ్గర అమ్మే రాగి జావ తెలుసు. కానీ రాయడానికి కూర్చుంటే రెండో పేజీ దగ్గరే కలం ఆగిపోతుంది. రోజూ జరిగేది అలవాటు మాత్రమే. కథకి ఒక రోజు కావాలి.

తెలుగు క్రియలే ఈ తేడా చెప్పేస్తాయి. ‘వచ్చేవాడు, కూర్చునేవాడు, పలకరించేవాడు’ అంటే ఏళ్లకేళ్లు ఒక్క పేరాలో సర్దుకుపోతాయి. అదే వరసలో నాలుగు పేరాలు రాస్తే మాత్రం కథ అడుగు ముందుకు వెయ్యదు. ‘ఆ రోజు’ అన్న మాట పడాలి, క్రియ ‘వచ్చాడు’గా మారాలి. కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ 1920లో రాసిన ‘మిస్ బ్రిల్’ చదివితే ఈ పని ఎంత పొదుపుగా చెయ్యొచ్చో తెలుస్తుంది. అందులో ఒంటరి మహిళ ప్రతి ఆదివారం పార్కుకి వెళ్లి బెంచీ మీద కూర్చుని, పక్కవాళ్ల మాటలు వింటూ ఉంటుంది. ఒక ఆదివారం పక్కన కూర్చున్న యువజంట తన గురించే ఎగతాళిగా మాట్లాడుకోవడం చెవిన పడుతుంది. ఆదివారాల్లో దారిలో కొనుక్కునే తేనె కేకు ఆ రోజు కొనకుండానే ఇంటికి వెళ్లిపోతుంది. చావులూ ఏడుపులూ లేకుండా, ఒక అలవాటు తప్పడంతోనే ఆమె గుండె ఎంత గాయపడిందో మనకు తెలిసిపోతుంది.

మన కథలో ఇంకో చిక్కుంది. మన పార్కుల్లో తెలియని మనిషి ఎక్కువ రోజులు తెలియని మనిషిగా ఉండడు. ‘వాకింగ్ అయిందాండీ?’తో మొదలైన మాట అయిదు నిమిషాల్లో ‘ఏ ఊరండీ మీది?’ దాకా, అక్కణ్నుంచి ‘పిల్లలేం చేస్తున్నారు?’ దాకా వెళ్లిపోతుంది. ఇంటి పేరు కూడా తెలిశాక అతను పరిచయస్తుడే. అందుకే ఈ పెద్దాయన ఆ ప్రశ్నలు ఎందుకు అడగడో రచయిత ముందే తేల్చుకోవాలి. ‘మితభాషి’ అని రాసేస్తే సరిపోదు. కారణం అతని బతుకులోంచి రావాలి.

ఒక కారణం ఊహించి చూద్దాం. అతను రైల్వే మెయిల్ సర్వీసులో సార్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పొడుగునా ఉత్తరాలను గళ్ల అరల్లో వేసినవాడు. వేలమంది పేర్లూ, ఊళ్లూ చూశాడు, మొహం ఒక్కటీ చూడలేదు. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్ అతని వేళ్లకి పట్టేసింది. మొదటి మూడంకెలు చూస్తే ఏ సార్టింగ్ జిల్లాకి పోవాలో, చివరి మూడూ చూస్తే ఏ పోస్టాఫీసుకి చేరాలో తెలిసిపోతుంది. అలాంటి మనిషి ఇప్పుడు మొహం చూసి తృప్తిపడతాడు. పేరు అడగడు, చిరునామా అసలే అడగడు. ఆ మౌనం ఇప్పుడు నమ్మదగినదిగా ఉంటుంది.

ఇక సంఘటన ఎక్కణ్నుంచి వస్తుంది? దీనికి మనస్తత్వ శాస్త్రం ఒక దారి చూపిస్తుంది. రోజూ కనిపిస్తూ కూడా పరిచయం కాని మనుషుల గురించి అమెరికన్ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో రాశాడు. ఆయన విద్యార్థులు రైల్వే ప్లాట్‌ఫాం మీద రోజూ ఒకే వేళకి నిలబడేవాళ్లను ఫొటో తీసి, తర్వాత ఆ ఫొటోలను వాళ్లకే పంచారు. సగటున ఒక్కో ప్రయాణికుడు తానెప్పుడూ మాట్లాడని నలుగురి మొహాలు గుర్తుపట్టాడు. ఆయన చెప్పినదాంట్లో కథకుడికి పనికొచ్చే ముక్క మరొకటుంది. అలాంటి ఇద్దరు రోజూ కలిసే చోట కాక, దూరంగా మరోచోట ఎదురుపడితే మాట కలిపే అవకాశం ఎక్కువ. బెంచీ దగ్గర కుదిరిన మౌన ఒప్పందం అక్కడ చెల్లదు.

అంటే మన సంఘటన పార్కులో జరగకూడదు. నవంబరులో బ్యాంకులో జరగాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా ఆ నెలలో తాము బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్లో మొహం చూపించి ఇంటి నుంచే పని కానిచ్చుకోవచ్చు. అయినా బ్యాంకుకి వెళ్తేనే నమ్మకం కుదిరే పెద్దవాళ్లు ఉన్నారు. మన సార్టర్ అలాంటివాడే. వేలిముద్ర యంత్రం అతని బొటనవేలిని ఒప్పుకోదు. వేలిని పంచె అంచుకి తుడుచుకుని మళ్లీ నొక్కుతాడు. ఎర్ర లైటు. వెనక నుంచి ఎవరో ‘చూపుడు వేలు పెట్టండి, పడుతుంది’ అంటారు. తిరిగి చూస్తే బెంచీ మీది మనిషి.

ఇద్దరూ నవ్వుకుంటారు. ఆయన చేతిలో పూర్తి చేసిన ఫారం ఉంది. సార్టర్ కళ్లు పేరు చదవకముందే కింద ఉన్న ఆరంకెల మీద పడతాయి. పడ్డాక ఆపుకోలేడు. చివరి మూడంకెలు ఊరికి ఆ చివర కొత్తగా వెలిసిన కాలనీవి. అక్కణ్నుంచి ఈ పార్కుకి రావాలంటే తెల్లారకముందే బస్సెక్కాలి, దారిలో రెండు పార్కులు దాటాలి. కొడుకు దగ్గరికి ఇల్లు మారినా పింఛను ఖాతా ఈ బ్రాంచిలోనే ఉంచుకున్నాడని, అందుకే ఇక్కడ కనిపించాడని ఒక్క వాక్యంలో చెబితే చాలు. లేకపోతే ఈ కలయికను పాఠకుడు కాకతాళీయంగా కొట్టిపారేస్తాడు.

ఇప్పుడు పెద్దాయనకి అడగని విషయం ఒకటి తెలిసింది. అవతలి మనిషి వాకింగ్ కోసం రావడం లేదు. మర్నాడు పొద్దున ఏమంటాడన్నదే కథ. ఏమీ తెలియనట్టు ‘వాకింగ్ అయిందాండీ?’ అంటే అబద్ధమాడినట్టు. ‘అంత దూరం నుంచి ఎందుకొస్తున్నారు?’ అంటే అవతలాయన మరి రాకపోవచ్చు. నా మటుకు నేను రాస్తే, పెద్దాయన బెంచీ మీద పక్కకు జరిగి చోటిస్తూ ‘బస్సు తొందరగా దొరికిందాండీ?’ అంటాడు. దానికి జవాబు రాయను.

ఇలాంటి కథలు తప్పిపోయేది చివర్లోనే. ఒక రోజు బెంచీ ఖాళీగా ఉంటుంది, ఆరా తీస్తే పోయాడని తెలుస్తుంది. ఈ ముగింపు బలంగా అనిపించడానికి కారణం చావుకున్న బలమే తప్ప కథది కాదు. పలకరింపులోంచి పుట్టనిది ఏదైనా బయట నుంచి తెచ్చి అతికించినదే. అమెరికాలో ఉండి ఫోన్ చెయ్యని కొడుకు కూడా అంతే. అతన్ని తిట్టడం మొదలుపెట్టగానే బెంచీ మీది రెండో మనిషిని రచయిత మరిచిపోతాడు.

పార్కు కథ రాసినవారు పత్రికకు పంపే ముందు ఒక పని చెయ్యండి. చివరి పేరా తీసేసి, దాన్ని బస్టాండులోనో ఆస్పత్రిలోనో జరిగే మరో కథకి తగిలించి చూడండి. అక్కడా చక్కగా అతికితే, ఆ పేరా మీ కథది కాదు. తిరిగి రాయండి.