ప్రతి ఉదయం ఒక గులాబీ చిత్రం: ఎందుకు పంపుతారు, ఎలా తగ్గించాలి?

ఫజ్ర్ నమాజు ముగిశాక మేడ్చల్‌లో గానీ, శామీర్‌పేటలో గానీ మస్జిదు మెట్లు దిగుతున్న పెద్దలను గమనించండి. చెప్పులు వేసుకుంటూనే జేబులోంచి ఫోను తీసేవారు ఒకరిద్దరైనా కనిపిస్తారు. రాత్రి వచ్చిన చిత్రాలలో ఒకదానిని ఎంచుకుని బంధువుల గ్రూపుకు, మొహల్లా గ్రూపుకు, పాత సహోద్యోగుల గ్రూపుకు పంపిస్తారు. గులాబీ పువ్వు, దాని మీద మంచు బిందువు, పక్కన టీ కప్పు, పైన ‘సుబహ్ బఖైర్’ లేదా ‘శుభోదయం’. శుక్రవారమైతే పచ్చని గుమ్మటం, ‘జుమా ముబారక్’. పంపేవారికి ఇది రెండు నిమిషాల పని. అది చేరిన నలభై ఇళ్లలో ఏమవుతుందో మాత్రం వారికి తెలియదు.

2018 జనవరిలో అమెరికాకు చెందిన వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక దీనిపై ఒక వార్త ప్రచురించింది. భారతదేశంలో ఫోన్లు ఎందుకు నిండిపోయి మొరాయిస్తున్నాయని గూగుల్ పరిశోధకులు వెతికితే, ఈ శుభోదయ చిత్రాలు ఒక ముఖ్య కారణంగా కనిపించాయట. మన దేశంలో ప్రతి ముగ్గురు స్మార్ట్‌ఫోను వినియోగదారులలో ఒకరికి రోజూ ఫోనులో ఖాళీ స్థలం అయిపోతున్నదని, అమెరికాలో పదిమందిలో ఒకరికే ఆ ఇబ్బంది ఉన్నదని అందులో రాశారు. ఇటువంటి చిత్రాలను గుర్తించి తొలగించే సదుపాయం ఉన్న Files Go అనే యాప్‌ను గూగుల్ అప్పటికే, 2017 డిసెంబరులో విడుదల చేసింది.

యాప్ చిత్రాన్ని తొలగించగలదు. ఆ చిత్రం మర్నాడు మళ్లీ ఎందుకు వస్తున్నదో అది చెప్పలేదు. అది తెలుసుకోకుండా తగ్గించబోతే మిగిలేది మనస్పర్థలే.

మేము మా పరిధిలోని పెద్దలను అడిగి చూశాము. చాలామంది ఇచ్చిన జవాబు ఒక్కటే: “ఒక రోజు పంపకపోతే, ఒంట్లో బాగుందా అని ఫోను చేస్తారు.” మదర్సాలో పేరు పిలవగానే విద్యార్థి ‘హాజిర్’ అంటాడు. ఆ గులాబీ కూడా అటువంటి హాజరే. నేను లేచాను, నమాజు చదివాను, బ్రతికి ఉన్నాను, మీరు గుర్తున్నారు అన్న నాలుగు మాటలు అందులో ఉన్నాయి. శామీర్‌పేటలో ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉంటున్నారు. కొడుకు దమ్మాములో, కూతురు నిజామాబాదులో. చిత్రం పంపాక రెండు టిక్కులు నీలంగా మారితే పిల్లలు చూశారని ఆమెకు తెలుస్తుంది. ఆమెకు కావలసింది ఆ నీలిరంగు. చిత్రంలో ఏమి రాసి ఉందో చాలాసార్లు ఆమె చదవనే లేదు.

రెండవ కారణం మన ఇళ్లకు ప్రత్యేకమైనది. దాదీ మాట్లాడేది ఉర్దూ, ఆమె చదివినది ఉర్దూ లిపి. కొడుకు బడిలో తెలుగు నేర్చాడు. మనవరాలు ఇంగ్లీషు మీడియం. ఒకే ఇంట్లో మూడు లిపులు! దాదీ రాసినది మనవరాలు చదవలేదు, మనవరాలు రాసినది దాదీ చదవలేరు. ఫోనులో టైపు చేయడం పెద్దవారికి ఎలాగూ కష్టమే. ఈ మూడు తరాలకూ ఏ అనువాదమూ లేకుండా చేరేది పువ్వు ఒక్కటే. పెద్దలకు పని లేక పంపుతున్నారని ఎగతాళి చేసే యువకులు ఈ సంగతి ఆలోచించినట్టు లేదు.

మూడవది భయం. ‘పదిమందికి పంపితే శుభవార్త వింటారు, ఆపితే నష్టపోతారు’ అన్న వాక్యం చిత్రం అడుగున ఉంటే, నమ్మకం లేనివారు కూడా ఎందుకైనా మంచిదని పంపేస్తారు. ఇది ఫోనుతో పుట్టిన వ్యాధి కాదు. మదీనా మస్జిదు సేవకుడు షేక్ అహ్మద్‌కు కల వచ్చిందని, దానిని ప్రతులు తీసి పంచాలని చెప్పే కరపత్రం తరతరాలుగా ముస్లిం ప్రపంచమంతటా తిరిగింది. అది కల్పితమని ఖండిస్తూ 1999లో మరణించిన సౌదీ పండితులు షేక్ ఇబ్న్ బాజ్ ప్రత్యేకంగా వ్యాసమే రాయవలసి వచ్చింది. పంచకపోతే కీడు జరుగుతుందన్న బెదిరింపుకు ధర్మంలో ఏ ఆధారమూ లేదు. అటువంటి చిత్రాన్ని ఆపివేస్తే పాపం లేదు, ఆపడమే మేలు.

ఇక నష్టం సంగతి. మేడ్చల్‌లో మాకు తెలిసిన ఒక కుటుంబపు గ్రూపులో ముప్పై నాలుగు మంది సభ్యులు. వారిలో ఒక యువకుడు తుర్కపల్లి వైపు మందుల కంపెనీలో రాత్రి షిఫ్టు పనిచేసి తెల్లవారి ఇంటికి వచ్చి పడుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగడం మొదలవుతుంది కనుక ఆ గ్రూపును మ్యూట్ చేశాడు. ఒక రోజు ఉదయం చిన్న తాత మరణించారని, జుహర్ తర్వాత జనాజా అని ఎవరో గ్రూపులోనే రాశారు. దాని వెనుకనే ఇరవై తొమ్మిది చిత్రాలు వచ్చాయి. అందరికీ తెలిసిపోయి ఉంటుందనుకుని విడిగా ఎవరూ ఫోను చేయలేదు. ఆ యువకుడు మధ్యాహ్నం లేచి, పైపైన పువ్వులు చూసి ఫోను పక్కన పెట్టాడు. అస్ర్ వేళ అసలు సంగతి తెలిసేసరికి ఖననం అయిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో కాలేజీ చదివే పిల్లవాడు ఒక వారం పాటు లెక్క పెట్టాడు. సగటున రోజుకు నలభై చిత్రాలు. తెలుసుకోవలసిన కబురు వారం మొత్తంలో అయిదే. ఒక్కో చిత్రం నూట యాభై కిలోబైట్లు అనుకున్నా రోజుకు ఆరు మెగాబైట్లు, ఏడాదికి రెండు గిగాబైట్లు దాటుతుంది. వీడియోలు ఇందులో లేవు. అయితే ఆ కుటుంబాన్ని కదిలించినది ఈ లెక్కలు కావు, తప్పిపోయిన జనాజా.

అందరికంటే ఎక్కువగా పంపేది పెద్ద ఫూఫీ అని తేలింది. గ్రూపులో ‘దయచేసి ఇటువంటివి పంపకండి’ అని రాద్దామని ఒకరన్నారు. ఇంటి కోడలు దానికి ఒప్పుకోలేదు. నలుగురిలో చెబితే అది సలహాగా ఉండదు, పెద్దావిడకు అవమానమవుతుంది. (పంపవద్దని చెప్పే చిత్రాన్ని ఫార్వర్డ్ చేసే మహానుభావులు కూడా ఉన్నారు!) ఆమె స్వయంగా ఫూఫీ ఇంటికి వెళ్లారు. పక్కన కూర్చుని చూస్తే తెలిసిన సంగతి ఏమిటంటే, ఫూఫీ ఒక్కొక్కరికీ విడివిడిగా పంపుతూ రోజూ అరగంట కష్టపడుతున్నారు. తప్పుడు వార్తలను అడ్డుకోవడానికి వాట్సాప్ 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్ నుండి, చాలాసార్లు చేతులు మారి రెండు బాణాల గుర్తు పడినదానిని ఒకసారికి ఒక్కరికే పంపగలము. ఫూఫీ గులాబీలన్నిటికీ ఆ రెండు బాణాలు ఉన్నాయి.

కోడలు ఇలా అన్నారు: “ఫూఫీ, మీ పువ్వు చూస్తే మీరు లేచారని తెలుస్తుంది గానీ మీ గొంతు వినబడదు. ఈ మైకు గుర్తు నొక్కి పట్టుకుని సలాము చెప్పండి. పిల్లలు వింటారు.” సలాముకు అంతకంటే మంచి సలాముతోనో, కనీసం దానితో సమానంగానో బదులివ్వాలన్నది ఖుర్ఆన్ నిసా సూరాలోని ఆదేశం. చిత్రానికి చిత్రం బదులిచ్చినప్పుడు ఎవరూ ఎవరితోనూ మాట్లాడినట్టు కాదు. గొంతుకు గొంతు బదులిస్తే మూడు లిపుల చిక్కు కూడా తీరుతుంది.

రెండవ ఏర్పాటుగా కుటుంబంలో మరొక గ్రూపు పెట్టారు. అందులో అడ్మిన్లు మాత్రమే రాయగలరు. మరణం, నికాహ్, ఆసుపత్రి, రక్తం అవసరం వంటివి తప్ప అక్కడ ఏమీ రాదు. దానిని ఎవరూ మ్యూట్ చేయకూడదు. ఫూఫీని ఆ గ్రూపుకు అడ్మిన్‌ను చేశారు. బంధువుల కబుర్లు ముందుగా చేరేది ఆమెకే కదా. పాత గ్రూపును ఎవరికి ఇష్టమైతే వారు మ్యూట్ చేసుకోవచ్చు. రెండు నెలలలో నలభై చిత్రాలు ఏడెనిమిదికి తగ్గాయి. శుక్రవారం మాత్రం పాత లెక్కే. ఫూఫీ సలాము నాలుగు నిమిషాలకు పెరిగిందని, అందులో కోడి ధర కూడా వస్తున్నదని పిల్లలు నవ్వుతారు. అయినా వింటున్నారు.

పంపేవారిని మార్చలేని చోట ఫోనును మార్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ Settings తెరిచి, Storage and data లోకి వెళ్లి, Media auto-download కింద Photos ఎదుట ఉన్న టిక్కును మొబైల్ డేటాకు, వైఫైకి విడివిడిగా తీసివేయండి. ఇకపై చిత్రం మసకగానే కనిపిస్తుంది. మీరు తాకితేనే దిగుతుంది. మసకగా ఉన్నా అది పువ్వో, ఆసుపత్రి చీటీయో పోల్చుకోవచ్చు. ఇప్పటికే నిండినవి దీనితో పోవు. వాటి కోసం అక్కడే ఉన్న Manage storage తెరిస్తే ‘Forwarded many times’ అన్న వరుసలో రెండు బాణాల సరుకంతా ఒకేచోట ఉంటుంది. తొలగించే ముందు ఒకసారి పైనుంచి కిందకు చూడండి, పిల్లల ఫోటోలు గానీ, కాగితాల ఫోటోలు గానీ కలిసిపోయి ఉండవచ్చు.

ఇక్కడ చాలామంది సోదరీమణులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఆయత్ రాసి ఉన్న చిత్రాన్ని తొలగిస్తే అగౌరవమా? తెర మీద వెలిగే అక్షరాలు ముస్‌హఫ్ పుట వంటివి కావు. తిరస్కార భావం లేకుండా స్థలం కోసం తొలగించడంలో దోషం లేదు. చిత్రం మీద హదీసు అని రాసి మూలగ్రంథం పేరు లేకపోతే, అడిగి తెలుసుకునేవరకు దానిని ముందుకు పంపకపోవడమే జాగ్రత్త.

ఒక్కరే విడిగా పంపుతుంటే నేరుగా చెప్పవచ్చు, అయితే వద్దన్న మాటతో మొదలుపెట్టకూడదు. “చాచా, మీ సలాము అందింది. ఉదయం డ్యూటీలో ఫోను చూడలేకపోతున్నాను. ఆదివారం అస్ర్ తర్వాత నేనే ఫోను చేస్తాను” అంటే చాలు. అన్నట్టు చేయాలి కూడా. రెండు ఆదివారాలు తప్పితే గులాబీలు తిరిగి వస్తాయి. ప్రతి చిత్రానికీ బొటనవేలు గుర్తు పెట్టేవారు, మరొకటి పంపమని తామే అడుగుతున్నామని గ్రహించాలి.

శామీర్‌పేటలోని ఆ వృద్ధురాలి వంటివారి చిత్రాలను మాత్రం తగ్గించవద్దని మేము వారి పిల్లలకు చెప్పాము. అది దిగకుండా ఉంటే స్థలమూ పోదు, ఒకసారి తెరిస్తే ఆమెకు టిక్కులు నీలంగా మారతాయి. రోజూ ఏడింటికి వచ్చే చిత్రం ఎనిమిదైనా రాకపోతే నిజామాబాదులో ఉన్న కూతురు ఫోను చేయాలి, ఎత్తకపోతే పక్కింటివారి నంబరుకు చేయాలి. ఆ నంబరును కూతురు ఫోనులో మేమే వేయించాము.