ఆ ‘ఉండాలి’లో బలమెంత?

ఒక ఫ్యాక్టరీలో యంత్రం మెయిన్ స్విచ్ హ్యాండిల్ 1.8 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. తనిఖీకి వచ్చిన ఇంజినీరు దాన్ని ఒప్పుకోవాలా, మార్చమనాలా? చేతిలో ఉన్నది తెలుగు ప్రతి అయితే, జవాబు అనువాదకుడు రాసిన క్రియను బట్టి ఉంటుంది.

యంత్రాల విద్యుత్ పరికరాలకు ఐఈసీ 60204-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మనిషి నిలబడి పనిచేసే చోటు నుంచి కొలిస్తే, ఆ హ్యాండిల్ 0.6 నుంచి 1.9 మీటర్ల మధ్య ఉండాలంటుంది. అక్కడ వాడిన మాట ‘షల్’. అంటే నిబంధన, తప్పితే యంత్రం ప్రమాణానికి తగనట్టే. ఆ వెంటనే, పై హద్దు 1.7 మీటర్లయితే మేలని సిఫార్సు చేస్తుంది. ‘షుడ్’కు ఉన్న బలం కూడా సిఫార్సుదే. కాబట్టి 1.8 మీటర్ల హ్యాండిల్ సిఫార్సును దాటింది కానీ నిబంధనను దాటలేదు. అదే 2 మీటర్ల దగ్గరుంటే మార్చక తప్పదు.

తెలుగులో చిక్కు ఇక్కడే. ‘పన్ను కట్టాలి’, ‘రోజూ నడవాలి’ అన్న రెండు మాటల్లో మొదటిది చట్టం, రెండోది సలహా. అయినా క్రియ ముగింపు ఒక్కటే. మాటల్లో సందర్భం తేడా చెబుతుంది, ప్రమాణంలో చెప్పదు. రెండు వాక్యాలూ ‘ఉండాలి’తో ముగిస్తే 1.8 మీటర్ల హ్యాండిల్‌ను అనవసరంగా పీకించేస్తారు. రెండూ ‘ఉంటే మంచిది’ అయితే 2 మీటర్లది కూడా చెల్లిపోతుంది. అందుకే నిబంధనకు ‘తప్పనిసరిగా ఉండాలి’ అనీ, సిఫార్సుకు ‘ఉండటం మంచిది’ అనీ మొదటే ఖాయం చేసుకుని, చివరిదాకా మార్చకూడదు.

‘మే’ అనుమతి. కొన్ని షరతులపై ఆ స్విచ్‌నే అత్యవసరంగా యంత్రం ఆపడానికి వాడుకోవచ్చని ఇదే ప్రమాణం ఒప్పుకుంటుంది. కానీ ‘వచ్చు’కు మనకు రెండు అర్థాలు: ‘వాడవచ్చు’ అనుమతి, ‘వైరు తెగవచ్చు’ సంభావ్యత. కనుక ‘వచ్చు’ను అనుమతికే ఉంచి, రెండోదానికి ‘తెగే అవకాశం ఉంది’ అని రాస్తే గందరగోళం ఉండదు.

వ్యతిరేక రూపాల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. మరమ్మతు సమయంలో అవసరమైన లైట్ల సర్క్యూట్‌ను మెయిన్ స్విచ్‌తో ఆపనక్కర్లేదని ఈ ప్రమాణం మినహాయింపు ఇస్తుంది. దాన్ని ‘ఆపకూడదు’ అని రాస్తే మినహాయింపు కాస్తా నిషేధమైపోతుంది.

తప్పు దొరకబుచ్చుకునే దారి ఉంది. మూలం చూడని మరో ఇంజినీరుకు తెలుగు ప్రతి ఇచ్చి, ప్రతి వాక్యం పక్కన ‘నిబంధన’, ‘సిఫార్సు’, ‘అనుమతి’ అని రాయమనాలి. ఆ గుర్తులను మూలంతో పోల్చాలి. ఎక్కడ తేడా వస్తే, ఆ వాక్యం క్రియ మళ్లీ రాయాల్సిందే.